రెండు షిఫ్టుల లెక్క సరిచూడండి: ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి, నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి, ఆసుపత్రి అభివృద్ధి సంఘం సభ్యులకు,

మెడికల్ వార్డుల స్టాఫ్ నర్సుల తరఫున నమస్కారాలు. ఇదే విషయం మీద వినతిపత్రం ఇచ్చాం, గుర్తు చేస్తూ ఇంకొకటి ఇచ్చాం. రెండూ ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కాయి గానీ జవాబు రాలేదు. ఈలోగా ఏప్రిల్ 1 నుంచి ఆసుపత్రి మొత్తానికి 12 గంటల షిఫ్టులు వర్తిస్తాయని సర్క్యులర్ వచ్చింది. అందుకే ఈ లేఖ అందరి ముందు పెడుతున్నాం.

బయటివాళ్ల కోసం విషయం క్లుప్తంగా చెబుతాం. సెప్టెంబర్ దాకా మా వార్డుల్లో మూడు డ్యూటీలు ఉండేవి: ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8. అక్టోబర్ 1 నుంచి మెడికల్ వార్డుల్లో మాత్రం ప్రయోగంగా రెండే చేశారు, పగలు 12 గంటలు, రాత్రి 12 గంటలు. ప్రసూతి వార్డు, సర్జికల్ వార్డులు పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఫిబ్రవరి సమీక్షలో మీరు చూపించిన ఫలితం ఇది: ఓవర్‌టైమ్ 47 శాతం తగ్గింది, గైర్హాజరు 29 శాతం తగ్గింది, హ్యాండోవర్ తప్పులు, అంటే డ్యూటీ మారేటప్పుడు అప్పగింతలో జరిగేవి, 26 శాతం తగ్గాయి. ముందు మూడు నెలలు జులై నుంచి సెప్టెంబర్, తర్వాత మూడు నెలలు నవంబర్ నుంచి జనవరి. అలవాటు పడే నెల అని అక్టోబర్‌ను పక్కన పెట్టారు, అది సరైన పనే. రెండు వైపులా సరిగ్గా 92 రోజులే కాబట్టి ఆ విషయంలోనూ మాకు పేచీ లేదు.

12 గంటల డ్యూటీ వద్దే వద్దని మేం ఈ లేఖ రాయడం లేదు. మాలో చాలామందికి అది నచ్చింది కూడా. వారానికి నాలుగు సార్లు వస్తే సరిపోతుంది, బస్సు ఖర్చు తగ్గుతుంది, పిల్లల దగ్గర ఒక రోజంతా ఉండొచ్చు. మా అభ్యంతరమల్లా ఆ మూడు అంకెల మీదే. మాకు దొరికినవి పురుషుల మెడికల్ వార్డు రిజిస్టర్లు, మీ శాతాలు కూడా ఆ వార్డువే. హాజరు మిషన్ షీట్లు, డ్యూటీ చార్టులు, రిపోర్టు పుస్తకం, తప్పుల పుస్తకం ముందు పెట్టుకుని అవే అంకెలు మళ్లీ వేశాం. అంకెలు మీరు చెప్పినవే వచ్చాయి, కానీ వాటికి మీరు చెప్పిన అర్థం రాలేదు.

1. ఓవర్‌టైమ్.

మీ లెక్కలో ముందు 618 గంటలు, తర్వాత 330 గంటలు. అంటే 288 గంటలు తగ్గాయి. ఈ 288 ఎక్కడి నుంచి వచ్చాయో విడదీసి చూడండి.

వార్డుకి ఏ షిఫ్టులోనైనా ముగ్గురు సిస్టర్లు ఉండాలని చార్టు. రోజుకి 24 గంటలు, ముగ్గురు, మొత్తం 72 నర్సు-గంటల పని. దాన్ని మూడు ముక్కలు చేసినా రెండు ముక్కలు చేసినా 72 గంటలే. షిఫ్టులు మారినందువల్ల నిజంగా ఆదా అయ్యేది ఒక్కటే, హ్యాండోవర్ సమయం. డ్యూటీ దిగే సిస్టర్ చార్జి అప్పగించడానికి అరగంట ఎక్కువ ఉంటుంది. రోజుకి మూడు హ్యాండోవర్లు, ముగ్గురు సిస్టర్లు అంటే నాలుగున్నర గంటలు. రెండు హ్యాండోవర్లయితే మూడు గంటలు. రోజుకి గంటన్నర చొప్పున 92 రోజులకి 138 గంటలు. ఇది నిజమైన మిగులు, ఈ మేరకు మీ నిర్ణయం పనిచేసిందని మేమే చెబుతాం.

మిగిలిన 150 గంటలు డబుల్ డ్యూటీలవి. పాత పద్ధతిలో మధ్యాహ్నం సిస్టర్ రాకపోతే ఉదయం సిస్టరే రాత్రి 8 దాకా ఉండిపోయేది. ఆ ఆరు గంటలూ ఓవర్‌టైమ్‌గా ఎక్కేవి. జులై–సెప్టెంబర్‌లో అలాంటివి 34, అంటే 204 గంటలు. ఇప్పుడు అది 54 గంటలకి పడిపోయింది. ఎందుకు పడిపోయింది? పన్నెండు గంటలు చేసిన మనిషిని ఇంకో పన్నెండు గంటలు ఉండమనలేరు కాబట్టి. రావలసిన సిస్టర్ రాకపోతే ఎవరో ఒకరు గంటో రెండు గంటలో ఆగి వెళ్లిపోతున్నారు, ఆ షిఫ్టు ఇద్దరితో నడుస్తోంది. ఖాళీని నింపితే ఓవర్‌టైమ్ కనబడుతుంది. నింపకుండా వదిలేస్తే ఏమీ కనబడదు, రిపోర్టు బాగుంటుంది.

నింపని ఖాళీలు కూడా లెక్కపెట్టాం. ముందు మూడు నెలల్లో ఒక సిస్టర్ తక్కువగా నడిచిన షిఫ్టులు 11. వాటిలో ఆరు పగటివి, ఐదు రాత్రివి. గంటల్లో చెప్పాలంటే 96. తర్వాత మూడు నెలల్లో 29 షిఫ్టులు, అన్నీ 12 గంటలవే, అంటే 348 గంటలు. మీరు తగ్గిందని చూపించిన ఓవర్‌టైమ్‌లో సగానికి పైగా ఇలా ఖాళీగా మారి రోగుల మీద పడింది. సమీక్షలో ఈ అంకె లేదు, అసలు ఆ కాలమ్ కూడా లేదు.

ఇంకొక చిన్న విషయం. రాత్రి 8కి మిషన్ దగ్గర పంచ్ కొట్టి, మళ్లీ వార్డుకి వెళ్లి కేస్ షీట్లు పూర్తి చేసేవాళ్లు మాలో ఉన్నారు. ఆలస్యంగా పంచ్ కొడితే ఎందుకాలస్యమని అడుగుతారని భయం. ఇది ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. రిపోర్టు పుస్తకంలో ఆ సిస్టర్ చివరి ఎంట్రీ ఎన్ని గంటలకి ఉంది, పంచ్ ఎన్ని గంటలకి ఉంది పక్కపక్కన పెట్టి చూడండి. పంచ్ తర్వాత రాసిన ఎంట్రీలు ఉంటే మిషన్ చెప్పే ఓవర్‌టైమ్‌ను నమ్మడానికి లేదు.

2. గైర్హాజరు.

మీ లెక్కలో 58 నుంచి 41కి తగ్గింది. ముందుగా చెప్పి పెట్టిన సి.ఎల్.లు కాకుండా, చార్టులో పేరుండి రానివి మాత్రమే తీసుకున్నారు, అది బాగుంది. కానీ ఒక గైర్హాజరు అంటే అప్పుడెంత, ఇప్పుడెంత? ఆ 58లో 40 ఆరు గంటల డ్యూటీలవి, 18 రాత్రి డ్యూటీలవి. కలిపితే 456 గంటలు. ఇప్పుడు 41 గైర్హాజర్లూ పన్నెండేసి గంటలవి, 492 గంటలు. చార్టు ప్రకారం ఉండాల్సిన గంటలు రెండు వైపులా 6,624. అందులో అప్పుడు పోయింది 6.9 శాతం, ఇప్పుడు 7.4 శాతం. 29 శాతం తగ్గిందన్నది కాస్తా కొంచెం పెరిగిందిగా మారింది. ఈ తేడా చాలా చిన్నది, దీన్ని పట్టుకుని షిఫ్టు వల్లే సెలవులు పెరిగాయని మేం వాదించం. జనవరిలో సంక్రాంతి ఉంది, జులైలో లేదు. తగ్గలేదన్న మాట మాత్రం ఖాయం.

షిఫ్టుల నిడివి మారినప్పుడు మనుషుల్ని, రోజుల్ని, షిఫ్టుల్ని లెక్కపెట్టకూడదు, గంటలనే లెక్కపెట్టాలి. ఇది హాజరు షీట్లు వేసే క్లర్కుకి కూడా తెలిసిన సంగతే, అడిగి ఉంటే చెప్పేవాడు.

3. హ్యాండోవర్ తప్పులు.

ఇదే అసలు విషయం, ఎందుకంటే ఓవర్‌టైమ్ మాకు సంబంధించినది, ఇది మంచం మీదున్న మనిషికి సంబంధించినది. తప్పు అంటే ఏమిటో చదివేవాళ్లకి తెలియాలి. డిసెంబర్‌లో జరిగిన ఒకటి చెబుతాం. రక్తపు వాంతులతో చేరిన ఒక కూలి మనిషికి మర్నాడు ఉదయం ఎండోస్కోపీ రాశారు. అర్ధరాత్రి తర్వాత నోటికి ఏమీ ఇవ్వకూడదు. డాక్టరు గారు ఆ మాట సాయంత్రం చెప్పారు. పగటి సిస్టర్ అప్పటికి పదకొండో గంటలో ఉంది, ఆ షిఫ్టు ఇద్దరితోనే నడుస్తోంది. చేతిలో ఉన్న చీటీ మీద రాసుకుంది, షీట్‌లోకి ఎక్కించలేదు. హ్యాండోవర్‌లో ఆ మంచం దగ్గర సెలైన్ గురించి చెప్పుకున్నారు, ఈ మాట రాలేదు. పొద్దున్నే ఆయన భార్య గేటు బయట బండి మీద నాలుగు ఇడ్లీలు తెచ్చి తినిపించింది. ఎండోస్కోపీ చేసేది మంగళ, శుక్రవారాలే. మూడు రోజులు వాయిదా. ఆ మూడు రోజులూ భార్యకీ కూలి లేదు. ఆయనకి మళ్లీ రక్తం పడలేదు కాబట్టి ఇది మా పుస్తకంలో ‘చిన్న తప్పు’గా ఎక్కింది. ఇలాంటివి పాత పద్ధతిలో జరగలేదని అనం, జరిగాయి. ఏ పద్ధతిలో ఎక్కువ జరిగాయన్నదే ప్రశ్న.

మీ లెక్కలో 38 నుంచి 28కి తగ్గాయి. ఇక్కడ మూడు విషయాలు కలిసిపోయాయి.

మొదటిది, రోగుల సంఖ్య. జులై–సెప్టెంబర్ జ్వరాల కాలం. వార్డులో సగటున 60 మంది, మంచాలు చాలక కింద పరుపులు. నవంబర్–జనవరిలో సగటున 42 మంది. 60 మందికి 38 తప్పులు జరిగిన రేటే ఏమాత్రం మారకుండా కొనసాగినా, 42 మందికి 27 తప్పులు రావాలి. వచ్చినవి 28. తగ్గింది తప్పులు కాదు, డెంగీ.

హ్యాండోవర్ల సంఖ్యతో భాగించమని మా వాళ్లలోనే కొందరన్నారు. హ్యాండోవర్లు 276 నుంచి 184కి తగ్గాయి, ఆ లెక్కన వందకి 13.8 తప్పుల నుంచి 15.2కి పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ వాదన మేం తీసుకోలేదు. హ్యాండోవర్లు తగ్గడమే ఈ మార్పులోని లాభం, ఆ లాభాన్ని హారంలోనే మింగేయడం మీకు అన్యాయం. రోగికి కావలసింది ఆసుపత్రిలో గడిపిన ఒక్కో రోజుకి తనకెంత ప్రమాదమన్నది. కాబట్టి వెయ్యి పడక-రోజులకి ఎన్ని తప్పులని చూడాలి. ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక పడక-రోజు. ఆ లెక్కన ముందు 6.9, తర్వాత 7.2. చేతిలో ఉన్న తప్పులే ముప్పై, నలభై అయినప్పుడు ఇంత తేడా ఏ కారణమూ లేకుండానే వస్తుంది. మెరుగైందని గానీ చెడిపోయిందని గానీ దీన్ని బట్టి ఎవరూ చెప్పలేరు.

రెండోది, హ్యాండోవర్ షీటు. అక్టోబర్‌లోనే మీరు ఇంకో మంచి పని చేశారు. నోటిమాటగా అప్పగించడం పోయి, మంచం మంచానికీ రోగి పరిస్థితి, రావలసిన రిపోర్టులు, ఇవ్వాల్సిన మందులు, పడని మందులు వరుసగా నింపే అచ్చు షీటు అన్ని వార్డులకీ ఇచ్చారు. షిఫ్టులు మారని ప్రసూతి వార్డులోనూ అదే షీటు. అక్కడ రోగుల సంఖ్య దాదాపు ఒకేలా ఉంది, తప్పులు 34 నుంచి 25కి తగ్గాయి. అది కూడా 26 శాతమే! షిఫ్టు మార్చని వార్డులో అంతే తగ్గితే, మార్చిన వార్డులో తగ్గింది షిఫ్టు వల్లేనని ఎలా అంటాం? 2014లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఐ-పాస్ అధ్యయనం మీకు తెలిసే ఉంటుంది. తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో రెసిడెంట్ డాక్టర్ల హ్యాండోవర్‌కి ఒక వరుస, శిక్షణ, రాతపూర్వక షీటు పెట్టారు, వైద్యపరమైన తప్పులు 23 శాతం తగ్గాయి. అప్పగించే పద్ధతి ఒక్కటి మారినా అంత తేడా రావచ్చు. మన దగ్గర రెండూ ఒకే రోజు మొదలయ్యాయి, ఇక విడదీయడమెలా?

ప్రసూతి వార్డు అంకె కూడా చిన్నదే. షీటు గొప్పతనాన్ని అది నిరూపించిందని మేం చెప్పబోవడం లేదు.

మూడోది, మెమోలు. నవంబర్ దాకా తప్పుల పుస్తకంలో ఎవరైనా రాసేవారు. డిసెంబర్‌లో ఇద్దరు సిస్టర్లకి, తాము రాసిన తప్పుల మీదే షోకాజ్ మెమోలు వచ్చాయి. నెలవారీగా చూస్తే నవంబర్‌లో 14, డిసెంబర్‌లో 9, జనవరిలో 5. జనవరిలో వార్డు అంత బాగా నడిచిందని మీరు నమ్మవచ్చు, అక్కడ పనిచేసిన మేం నమ్మలేం. తప్పులు తగ్గాయా, రాయడం తగ్గిందా తేల్చే దారి ఉంది. నోటిమాటతో పని లేకుండా పట్టుబడే తప్పుల్ని చూడాలి. ట్రీట్‌మెంట్ చార్టులో టిక్కు పడని డోసులు, రెండుసార్లు పడ్డ డోసులు, ల్యాబ్ నుంచి వచ్చాక ఆరు గంటలైనా డాక్టరుకి చూపని రిపోర్టులు. ఇవి కేస్ షీట్లలోనే ఉంటాయి, ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. పుస్తకంలో తప్పులు తగ్గి, షీట్లలో ఇవి తగ్గకపోతే విషయం తెలిసిపోతుంది. పైన చెప్పిన అధ్యయనంలో కూడా తప్పు చేసినవాళ్లు వచ్చి చెబుతారని కూర్చోలేదు. కేస్ షీట్లు చదివి వెతికారు.

4. ఇది ఎవరి మీద పడుతుంది.

మీరు ఈ అంకెలతో సర్జికల్ వార్డులకీ ప్రసూతి వార్డుకీ రెండు షిఫ్టులు తెస్తే, ఇద్దరు సిస్టర్లతో నడిచే షిఫ్టులు అక్కడా వస్తాయి. ఆపరేషన్ అయిన తల్లికి రక్తస్రావం చూసేది గంటకోసారి కాదు, మొదట్లో పావుగంటకోసారి. ముగ్గురిలో ఒకరు లేనప్పుడు ఆ పావుగంట ఎంతవుతుందో వార్డులో నిలబడ్డవాళ్లకి తెలుసు. పన్నెండు గంటలకి మించి సాగే డ్యూటీల్లో నర్సుల తప్పులు పెరుగుతాయని అమెరికాలో 393 మంది నర్సులు రాసుకున్న రోజువారీ లాగ్‌ల ఆధారంగా 2004లోనే ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ పన్నెండున్నర గంటలు, ఆపైన సాగిన షిఫ్టుల్లో తప్పు జరిగే అవకాశం దాదాపు మూడు రెట్లు. మన 12 గంటల డ్యూటీకి హ్యాండోవర్ అరగంట కలిపితే సరిగ్గా అక్కడికే చేరుతుంది. ఇక్కడా అంతే జరుగుతుందని కాదు. జరుగుతోందో లేదో మీ సమీక్ష చూడలేదని మాత్రం చెప్పగలం.

మా డిమాండ్లు ఇవి.

5. ఏప్రిల్ 1 సర్క్యులర్‌ను నిలిపివేయండి. మెడికల్ వార్డుల్లో ఉన్న పద్ధతిని వెనక్కి తీసుకోమని అడగడం లేదు, అది అలాగే నడవనివ్వండి.

6. సమీక్షకి వాడిన వార్డువారీ, నెలవారీ లెక్కలు మాకు ఇవ్వండి. ఒక నిర్ణయం వల్ల ప్రభావితమయ్యేవాళ్లకి దాని కారణాలు చెప్పాలని సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 4(1)(డి) చెబుతోంది. దానికి మళ్లీ దరఖాస్తు పెట్టించుకోకండి.

7. కొలతల్ని కాగితం మీద పెట్టి సంతకం చేయండి. ఓవర్‌టైమ్ అంటే షిఫ్టు దాటిన సమయం కాదు, వారానికి 48 గంటలు దాటిన సమయం. దానితోపాటు సి.ఓ.లుగా, అంటే బదులు సెలవులుగా మారిన అదనపు డ్యూటీలు కూడా. గైర్హాజరు గంటల్లో. దాని పక్కనే, నింపకుండా వదిలేసిన గంటలు. ఈ కాలమ్ లేకుండా మిగతా రెండు అంకెలు చూపించవద్దు. తప్పులు వెయ్యి పడక-రోజులకి.

8. తప్పుల్ని బయటివాళ్ల చేత వెతికించండి. వారానికి ఇరవై కేస్ షీట్లు చీటీ తీసి ఎంచుకుని, వేరే వార్డు హెడ్ నర్సు హ్యాండోవర్ షీటుతో పోల్చి చూడాలి. ఆమెకి ఏ షీటు ఏ పద్ధతి కాలానిదో తెలియకపోతే ఇంకా మంచిది, తేదీ కప్పి ఇవ్వడం పెద్ద పనేం కాదు. పాత నెలల కేస్ షీట్లు రికార్డు రూములో ఉన్నాయి కాబట్టి ‘ముందు’ కాలానికి కూడా ఇదే చేయవచ్చు.

9. తానే రాసిన తప్పు మీద ఎవరికీ మెమో ఇవ్వకూడదు. ఆ రెండు మెమోల్ని ఉపసంహరించుకోండి.

10. అన్ని వార్డులకీ ఒకేసారి కాకుండా విడతలవారీగా, ఏ వార్డు ముందో చీటీ తీసి మార్చండి. ఇంకా మారని వార్డులు పోలికకి ఉంటాయి. జ్వరాల కాలమైనా, సంక్రాంతి అయినా, కొత్త షీటైనా రెండు రకాల వార్డుల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి, మారిన వార్డులో ఎక్కువగా కనిపించిన తేడాని షిఫ్టుదని చెప్పడానికి ఆధారం ఉంటుంది. మెడికల్ వార్డుల మీద తుది మాట వచ్చే జులై–సెప్టెంబర్ అయ్యాకే చెప్పండి. జ్వరాల కాలాన్ని జ్వరాల కాలంతోనే పోల్చాలి.

11. ఏ అంకె ఎంత వస్తే ఈ పద్ధతిని ఆపేస్తారో లెక్కలు మొదలుపెట్టక ముందే ప్రకటించండి. మా ప్రతిపాదన: నింపని గంటలు చార్టు గంటల్లో 2 శాతం దాటితే ఆపాలి. పాత పద్ధతిలో అది ఒకటిన్నర శాతంలోపే ఉంది, ఇప్పుడు 5 శాతం దాటింది. ఈ హద్దు మీకు సమ్మతం కాకపోతే మీ హద్దు చెప్పండి, చర్చిద్దాం. ఏ హద్దూ లేకుండా మాత్రం కుదరదు.

మేం వేసిన లెక్కల కాగితాలు, రిజిస్టరు పేజీల నంబర్లతో సహా, నర్సింగ్ సూపరింటెండెంట్ గారి ఆఫీసులో ఇచ్చాం. రోగుల పేర్లు, ఐ.పి. నంబర్లు అందులో లేవు. మా కూడికలో తప్పుంటే చూపించండి, సరిచేసి మళ్లీ ఇస్తాం. మార్చి 20లోగా రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. అప్పటికీ రాకపోతే ఇవే కాగితాలు డైరెక్టర్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్ గారికి, జిల్లా కలెక్టర్ గారికి పంపుతాం.

ఇట్లు,
మెడికల్ వార్డుల స్టాఫ్ నర్సులు